మంచం కింద తెల్ల పిండి: ఇల్లు మారినప్పుడు సామానుతో పాటు దిగే పురుగుల సంగతి

మా అన్నయ్య వాళ్ళు జూన్ మొదటి వారంలో గోపాలపట్నం నుంచి మధురవాడ ఫ్లాట్‌కి మారారు. వైజాగ్‌లో ఉన్నోళ్ళకి తెలుసు, పిల్లల పరీక్షలైపోయాక నేవీ వాళ్ళకి ట్రాన్స్‌ఫర్లు పడతాయి, వెళ్ళేవాళ్ళు మోసుకెళ్ళలేని మంచాలు, టీపాయ్‌లు, బీరువాలు సగం రేటుకి ఇచ్చేసి పోతారు, మనలాంటోళ్ళు వాటి కోసం కాచుకుని కూచుంటాం. మా వదిన అలాగే ఒక డబుల్ కాట్, ఒక టీపాయ్ కొంది. సామాన్లు ప్యాక్ చేసుకోగా మిగిలిన చెక్కపెట్టె ఒకటుంటే అది ఊరికే ఇచ్చేశారు. గిన్నెలకీ పుస్తకాలకీ అట్టపెట్టెలేమో వీధి చివర కిరాణా కొట్లోవి. అన్నీ ఒకే టాటా ఏస్‌లో ఎక్కాయి.

దిగిన నాలుగో రోజు వదిన ఫోను. "ఏమయ్యా, మంచం కింద పౌడర్ జల్లినట్టు తెల్లగా ఉంది, పొద్దున తుడిచాను, సాయంత్రానికి మళ్ళీ పడింది, ఇది చెదేనా?"

ఫ్యామిలీ గ్రూపులో ఫోటో పెడితే నాలుగు సమాధానాలొచ్చాయి. చెద అని ఒకరు, నల్లులు అని ఒకరు, గోడ సున్నం రాలిందని ఒకరు, మా పెద్దత్తయితే "పాత మంచం కదా, పుచ్చు పట్టుంటుంది, ఇంట్లోకి ఎందుకు తెచ్చారే" అంది. నేను ఒకప్పుడు టింబర్ డిపోలో నాలుగేళ్ళు లెక్కలు రాశాను కాబట్టి ఈ పిండి గోల నాకు కొత్త కాదు. పెద్దత్త చెప్పిందే కరెక్టు, కానీ సగమే కరెక్టు. ఆ మిగతా సగం కోసమే ఇదంతా రాస్తున్నా.

పెట్టెని తినేవి, పెట్టెలో దాక్కునేవి

సామానుతో వచ్చే పురుగులన్నిటినీ జనం ఒకే గాటన కట్టేస్తారు గానీ, అందులో రెండు జాతులున్నాయి. కొన్నిటికి ఆ కర్రే తిండి. పుచ్చు పురుగు, చెద ఈ రకం. ఇవి కర్ర లోపలే ఉండి తింటాయి, మనం పైనుంచి టార్చి కొట్టినా పురుగు కనపడదు, అది వదిలిన గుర్తు మాత్రమే కనపడుతుంది. ఇంకొన్నిటికి పెట్టె అంటే ఉత్త బస్సు. బొద్దింక, నల్లి ఈ రకం. వీటికి కావాల్సింది ఒళ్ళు దూరేంత సందు, అంతే, కర్రయినా అట్టయినా ప్లాస్టిక్ అయినా వాటికొకటే. వీటిని ఓపిగ్గా వెతికితే నేరుగా పట్టుకోవచ్చు.

ఈ తేడా ఎందుకు చెప్తున్నానంటే, దాక్కునే పురుగుకి విప్పకముందు ఒక గంట చూస్తే చాలావరకు తేలిపోతుంది. తినే పురుగుకి గంట సరిపోదు, వారాలు పడుతుంది, కొన్నిసార్లు నెలలు. మంచం కొన్న రోజే "చూశాం, ఏం లేదు" అనుకోవడంలో వచ్చే పొరపాటు ఇక్కడిదే.

అట్టపెట్టె: చూడాల్సింది లోపల కాదు, మడతల్లో

అట్ట అంచుని ఒకసారి దగ్గరగా చూడండి. రెండు పేపర్ల మధ్య అలలు అలలుగా ఇంకో పేపరు ఉంటుంది, ఆ అలల మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్ల సొరంగాలు. చిన్న బొద్దింకకి అది అచ్చంగా లాడ్జి గది. చీకటి, వెచ్చన, ఒంటికి రెండు పక్కలా గోడ తగులుతుంది, తినడానికి జిగురు. కిరాణా కొట్లో ఆ పెట్టె ఎన్నాళ్ళు నేల మీదుందో, దేని పక్కనుందో మనకి తెలీదు.

ఇంట్లో మనం చూసేవి ముఖ్యంగా రెండు రకాలు. బాత్‌రూమ్ జాలీలోంచి వచ్చే పెద్ద ఎర్ర బొద్దింక ఒకటి, కిచెన్‌లో మిక్సీ కింద, ఫ్రిజ్ మోటారు దగ్గర గుంపులుగా తిరిగే చిన్నది ఇంకోటి. చిన్నదాని మెడ మీద రెండు నల్ల గీతలుంటాయి, దాన్ని జర్మన్ బొద్దింక అంటారు. ఇల్లు మారినప్పుడు ఎక్కువ కొంప ముంచేది ఈ చిన్నదే, ఎందుకంటే ఆడది ఒక్క గుడ్ల సంచిలో ముప్పై నలభై గుడ్లు పెడుతుంది, పైగా పొదిగేదాకా దాన్ని ఒంటికే అంటించుకుని తిరుగుతుంది. అంటే ఒక్కటి దిగితే చాలు.

పెద్దది వేరే పద్ధతి. గుడ్ల సంచిని ఎక్కడో ఒక సందులో పెట్టి, ఉమ్మితో అతికించి పోతుంది. చింతగింజ రంగులో, ముప్పావు సెంటీమీటరు పొడవున, చిన్న పర్సులా ఉంటుంది, ఒక అంచున జిప్పులాంటి గీత కూడా ఉంటుంది. అందులో పదిహేను దాకా పిల్లలు. అవి బయటికి రావడానికి నెలా నెలన్నర, ఒక్కోసారి రెండు నెలలు పడుతుంది. అందుకే ఖాళీ పెట్టె దులిపి, ఒక్క బొద్దింక కూడా రాలలేదని సంతోషపడి, దాన్ని అటక మీద పెట్టేస్తే, ఆగస్టులో "కొత్త ఫ్లాట్‌లోకి ఇవెక్కడివి" అని కింద ఫ్లాటోళ్ళని తిట్టుకుంటాం.

వదిన వాళ్ళ పెట్టెలు పద్నాలుగు. అప్పటికి సగం విప్పేసింది. మిగిలిన వాటిని బాల్కనీలోకి లాగి, అడుగున మూసే నాలుగు రెక్కల్ని ఒక్కోటీ తెరిచి చూశాం. రెండు పెట్టెల్లో దొరికాయి, ఒకదాంట్లో మూడు సంచులు, ఒకదాంట్లో ఒకటి, అన్నీ రెక్కలు ఒకదాని మీద ఒకటి పడే చోటే, పైన బ్రౌన్ టేపు వేసి ఉంది కాబట్టి మామూలుగా అయితే ఎవరూ చూడరు. మూలల్లో మిరియాల పొడి జల్లినట్టు నల్ల చుక్కలు, ఒక రకమైన ముక్క వాసన. చుక్కలు మాత్రమే ఉండి సంచులు లేకపోతే ఆ పెట్టె ఒకప్పటి లాడ్జి అని అర్థం, సంచి అంచు జిప్పు తెరుచుకుని ఉంటే పిల్లలు ఆల్రెడీ వెళ్ళిపోయాయని, మూసి ఉంటే ఇంకా లోపల ఉండొచ్చని. మందు స్ప్రే ఆ సంచి గోడ దాటి లోపలికి పెద్దగా పోదు, చెప్పుతో నలిపేస్తే మాత్రం పోతుంది. మేం అదే చేశాం, పెట్టెల్ని అదే సాయంత్రం చెత్త బండికి ఇచ్చేశాం.

పెట్టె అడుగున ఎండిన మట్టి గీతలుంటే అది వేరే కథ, చెద. ఇక్కడ జనం భయపడేదానికంటే ప్రమాదం తక్కువ. మట్టి గూడు కట్టే చెద కుటుంబం మొత్తం భూమిలో ఉంటుంది, రాణి అక్కడే, తడి అక్కడే. పెట్టెతో వచ్చిన పాతికో యాభయ్యో కూలి చెదలు ఆ తడి లేక కొద్ది రోజుల్లో చచ్చిపోతాయి. అసలు భయం తిరగబడి ఉంటుంది, గ్రౌండ్ ఫ్లోర్‌లో విప్పని పెట్టెల్ని గోడకి ఆనించి నెలల తరబడి ఉంచితే ఆ ఇంటి కింద ముందే ఉన్న చెద వాటి దగ్గరికి ఎక్కి వస్తుంది, అప్పుడు మనం "పెట్టెతో వచ్చింది" అనుకుంటాం.

మైదాలా ఉందా, గసగసాల్లా ఉందా

ఇప్పుడు మంచం దగ్గరికి వద్దాం. వదినకి నేను ఫోన్‌లో అడిగిన మొదటి ప్రశ్న, "రెండు వేళ్ళ మధ్య పెట్టి రాయి, మైదాలా మెత్తగా అంటుకుంటోందా, గసగసాల్లా దొర్లుతోందా?"

మైదాలా మెత్తగా, వేలి గీతల్లో అంటుకుపోయేంత నున్నగా ఉంటే పుచ్చు పురుగు. ఇది నిజానికి చిన్న గోధుమ రంగు పెంకు పురుగు, నాలుగైదు మిల్లీమీటర్లు, సన్నగా పొడుగ్గా ఉంటుంది. దాని పిల్ల, అంటే తెల్లటి పురుగు, కర్రలో ఉండే గంజి పదార్థం కోసం సొరంగాలు తొలుస్తూ పోతుంది, తినగా మిగిలిన పొడిని వెనకాల దట్టించుకుంటూ పోతుంది. పెద్దదయ్యాక పెంకు పురుగుగా మారి, పైకి తొలుచుకుని ఎగిరిపోతుంది, అప్పుడే ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రటి కన్నం పడుతుంది, గుండుసూది తలంత. పొడి కాస్త గరుగ్గా, బియ్యప్పిండిలా ఉండి, కన్నాలు మూడు మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే దీని చుట్టం ఇంకో రకం పెంకు పురుగు, మామిడి చెక్కల్లో, వెదురులో ఈ కుటుంబపువి బాగా కనపడతాయి.

గసగసాల్లా విడివిడి గింజలుగా, వేళ్ళ మధ్య దొర్లేలా ఉంటే అది పొడి కాదు, మలం. పొడి చెక్క చెద అని ఇంకో రకం చెద ఉంది, దానికి భూమితో పని లేదు, మట్టి గూడూ కట్టదు, ఒక కుర్చీ కాలులోనే కాపురం మొత్తం నడుపుతుంది. గాల్లో తేమ ఉంటే చాలు దానికి, మన సముద్రపు గాలి ఊళ్ళు దానికి బాగా పడతాయి. అది వేసే గింజ మిల్లీమీటరు కంటే చిన్నది, భూతద్దంలో చూస్తే ఆరు పలకలుగా ఉంటుంది, ఎందుకంటే ఒంట్లోని తడి మొత్తం పిండేసుకుని మరీ బయటికి వదులుతుంది. ఆ ఆరు పలకలు చూశారంటే ఇక అనుమానం అక్కర్లేదు. ఇంకే పురుగూ అలాంటి గింజ వెయ్యదు.

వదిన రాసి చూసి, "మంచం కింద మైదా, టీపాయ్ కింద గసగసాలు" అంది.

టీపాయ్ కింద కూడా ఉందన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఉప్మా రవ్వ ఒలికిందనుకుని ఊడ్చేసిందంట!

కన్నం ఉందంటే పురుగు ఉన్నట్టా, పోయినట్టా

ఇక్కడే పెద్దత్త మాట సగం కరెక్టు అన్నది. పుచ్చు పట్టిన మాట నిజం, కానీ ఇప్పుడు ఉందా, ఎప్పుడో పోయిందా?

కన్నం అనేది తలుపు, అదీ బయటికి వెళ్ళే తలుపు. కన్నం ఉందంటే ఒక పురుగు అక్కడినుంచి వెళ్ళిపోయిందని మాత్రమే తెలుస్తుంది. లోపల ఇంకా ఎన్ని ఉన్నాయో అది చెప్పదు. అసలు కన్నమే లేని చెక్కలో నిండా పిల్ల పురుగులు ఉండొచ్చు, వంద కన్నాలున్న చెక్కలో ఒక్కటీ ఉండకపోవచ్చు. పొడి కూడా మోసం చేస్తుంది, ఎందుకంటే పదేళ్ళ కిందటి సొరంగంలో దట్టించిన పొడి అలాగే ఉంటుంది, మంచాన్ని విప్పి, మెట్ల మీంచి దించి, ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర గతుకుల్లో టాటా ఏస్‌లో ఊపితే ఆ పాత పొడే రాలుతుంది. ఇల్లు మారిన మొదటి వారం రాలే పొడిని అందుకే నేను నమ్మను.

నమ్మేవి రెండు మూడున్నాయి. కన్నం అంచు చూడాలి. కొత్త కన్నం లోపలి గోడ అప్పుడే రంపం పెట్టిన చెక్క రంగులో, అంచు పదునుగా ఉంటుంది, పాతదాని లోపల దుమ్ముపట్టి నల్లబడి ఉంటుంది. కన్నం లోపలికి పాలిష్ దిగి ఉంటే ఆ పురుగు పాలిష్ వెయ్యకముందే వెళ్ళిపోయింది. పాలిష్‌ని చీల్చుకుని కన్నం పడుంటే తర్వాత వచ్చింది. పొడి రంగు కూడా అంతే, కొత్తది లేత మీగడ రంగు, పాతది పసుపు బూడిద కలిసి కాస్త గడ్డకట్టి ఉంటుంది.

ఇంకో ఆధారం కిటికీ దగ్గర దొరుకుతుంది. పుచ్చు పురుగు బయటికొచ్చాక వెలుగు వైపు పోతుంది, కిటికీ గట్టు మీద చచ్చి పడుంటుంది. చాలామంది చూసి బియ్యం పురుగులే అనుకుని బియ్యం చెరుగుతారు. బియ్యంలో ఉండే ముక్కు పురుగుకి ముందుకి పొడుచుకొచ్చిన ముక్కు ఉంటుంది, పుచ్చు పురుగుకి ఉండదు.

గసగసాల సంగతి వేరు. వాటి రంగు చూసి కొత్తవో పాతవో చెప్పలేం, చెద ఏ చెక్క తింటే గింజ ఆ రంగులో ఉంటుంది, ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. ఊడ్చేశాక మళ్ళీ పడుతున్నాయా లేదా అన్నదొక్కటే లెక్క.

వదిన మంచం మీద పెన్సిల్ గుర్తులు

ఆదివారం వెళ్ళి మంచం విప్పాం, దాన్ని తిరగేస్తేనే అసలు సంగతి తెలిసింది. బయటికి కనిపించే చట్రం, తలాపి, కాళ్ళు టేకు. పరుపు కింద అడ్డంగా వేసే పట్టీలు మాత్రం మామిడి, పాలిష్ కూడా లేదు, పచ్చి చెక్క అలాగే. డబ్బులు మిగుల్చుకోడానికి వడ్రంగులు ఇలా వెయ్యడం మామూలే, తప్పని అనను, పరుపు కింద ఎవరు చూస్తారు.

పుచ్చు పురుగుకి మాత్రం ఇదే తేడా. చెట్టు మధ్యలో ఉండే ముదురు చెక్కని చేవ అంటాం, దాంట్లో పురుగుకి కావాల్సిన గంజి పదార్థం ఉండదు, టేకు చేవ అయితే పురుగుకి అసలే పడదు. చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కలోనే ఆ గంజి ఉంటుంది. మామిడి, రబ్బరు చెక్క లాంటివైతే చాలాభాగం తెల్ల చెక్కే. ఆడ పురుగు గుడ్డు పెట్టేది కూడా చెక్క కోసిన చోట కనపడే సన్నటి రంధ్రాల్లో, పాలిష్‌తో అవి మూసుకుపోతే పెట్టలేదు. పాలిష్ లేని మామిడి పట్టీ అంటే తిండీ తలుపూ రెండూ ఉన్నట్టే.

టేకు చట్రం మీద ఆరు కన్నాలు, అన్నీ ఒక కాలు అంచున తెల్ల చెక్క మిగిలిన చార మీదే, అన్నిట్లోకీ పాలిష్ దిగి ఉంది. అంటే పాతవి, వదిలేశాం. పట్టీలు పదకొండు, వాటి మీద కన్నాలు మొత్తం ముప్పై నాలుగు. మెత్తటి బ్రష్‌తో పొడంతా దులిపి, ప్రతి కన్నం చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, పట్టీ పట్టీకి నంబరు వేసి, బాల్కనీలో నల్ల చార్ట్ పేపరు మీద పేర్చాం. టీపాయ్‌ని కూడా ఇంకో నల్ల పేపరు మీద పెట్టాం. పరుపేమో నేల మీద, అన్నయ్య నడుం నొప్పని మూడు వారాలు గొణిగాడు.

మూడు వారాలకి చూస్తే సున్నా లేని కన్నాలు నాలుగు. మూడు ఏడో నంబరు పట్టీలో, ఒకటి రెండో దాంట్లో. ఏడో దాని కింద పేపరు మీద లేత రంగు పొడి చిన్న గోపురంలా కుప్పపడి ఉంది, కన్నానికి సరిగ్గా కింద. మిగతా తొమ్మిది పట్టీల కింద ఏమీ లేదు.

"అయితే ఆ రెండూ మార్చేస్తే చాలు కదా?" అంది వదిన. చాలదు, అదే ఇబ్బంది. పిల్ల పురుగు లోపల తింటున్నన్నాళ్ళూ పొడి బయటికి పెద్దగా రాదు, బయటికొచ్చేటప్పుడే వస్తుంది. మన వేడికి గుడ్డు నుంచి పెంకు పురుగు అవడానికి కొన్ని నెలలు పడుతుంది, చెక్క బాగా ఎండిపోయి తిండి తక్కువైతే ఏడాది దాకా పోతుంది. కాబట్టి మూడు వారాల్లో కొత్త కన్నం పడితే పురుగు ఉందని గట్టిగా చెప్పొచ్చు, పడకపోతే మాత్రం లేదని చెప్పలేం. కంచరపాలెం వడ్రంగి మేస్త్రి వచ్చి చూసి, "ఏటి బాబూ ఈ మామిడి పట్టీల కోసం ఇంత లెక్కలు, పదకొండూ మార్చీయండి, ప్లైవుడ్ ముక్కలు వేసిచ్చేస్తాను" అన్నాడు. పట్టీల ఖరీదు చూస్తే ఆయన మాటే కరెక్టు. మంచం మొత్తం పారెయ్యమన్న పెద్దత్తకీ, ఏం పర్లేదన్న అన్నయ్యకీ మధ్యలో తేలిన లెక్క ఇది, చట్రం ఉంది, పట్టీలు పోయాయి.

చెక్కపెట్టె మీద గోధుమ కంకి ముద్ర ఉంటే సేఫేనా

ఊరికే ఇచ్చిన చెక్కపెట్టె పైన్ కర్రది, పక్కన కాల్చి వేసినట్టు ఒక ముద్ర ఉంది, గోధుమ కంకి బొమ్మ, దాని పక్కన ఐఎన్ అని దేశం కోడ్, ఒక నంబరు, చివర్న హెచ్‌టీ. పోర్టు ఊరు కాబట్టి ఈ ముద్రలున్న ప్యాలెట్లు, క్రేట్లు మనకి బాగానే దొరుకుతాయి, గాజువాక వైపు వాటితో బెంచీలు, మొక్కల స్టాండ్లు కూడా చేస్తారు.

ఆ ముద్ర ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ నియమానిది, 2002లో వచ్చింది. దేశాల మధ్య సరుకు మోసే చెక్క ప్యాకింగ్‌లో అడవి పురుగులు ఖండాలు దాటేస్తున్నాయని పెట్టారు. అమెరికాలో 1996లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో చెట్లని తొలిచేస్తున్న ఆసియా పొడవు మీసాల పెంకు పురుగు దొరికింది, అది చైనా నుంచి వచ్చిన చెక్క ప్యాకింగ్‌తోనే దిగిందని తేల్చారు, దానికోసం వేలల్లో చెట్లు నరకాల్సొచ్చింది. హెచ్‌టీ అంటే చెక్క నడిమధ్యలో కూడా వేడి 56 డిగ్రీలకి చేరి ముప్పై నిమిషాల పాటు ఆగకుండా ఉండేలా వేడి పట్టించారని. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ గ్యాస్ పట్టించారని, అలాంటి చెక్కతో ఇంట్లో ఫర్నిచర్ చేయించుకోవడం నాకైతే ఇష్టం ఉండదు.

ముద్ర చెప్పేది ఆ వేడి పట్టించిన రోజు సంగతి మాత్రమే. ఆ రోజు లోపలున్నవి చచ్చాయి. వేడికి మందులాగా మిగిలి ఉండే గుణం లేదు, తర్వాత ఏ గొడౌన్‌లో ఎన్నేళ్ళున్నా దాన్ని ముద్ర కాపాడదు, పొడి చెక్క చెద ఎక్కొచ్చు, బొద్దింక సందుల్లో దూరొచ్చు. ప్లైవుడ్‌కి, ఆరు మిల్లీమీటర్లు, అంతకంటే పల్చని చెక్కకి అసలు ఈ నియమమే లేదు, కాబట్టి ముద్ర లేకపోవడం కూడా తప్పు కాదు. ఇక దేశం లోపలే తిరిగే పెట్టెలకి ఎవరూ ముద్ర అడగరు. వదిన పెట్టెలో చిటికెన వేలు దూరేంత కోలగా ఉన్న కన్నాలు రెండున్నాయి, లోపల నల్లగా. చెట్టుగా ఉన్నప్పుడు తొలిచిన పురుగువి, వేడి పట్టించకముందే పడ్డవి. మన పుచ్చు పురుగు పైన్ లాంటి కర్ర జోలికి రాదు కూడా. పెట్టె ఉంచుకున్నాం, సందులు మాత్రం వెతికాక.

నల్లి కోసం వెతికే చోటు

నల్లి గురించి ఎక్కువ చెప్పను, మంచం విప్పాం కాబట్టి చూశాం, దొరకలేదు. చూసిన పద్ధతి మాత్రం చెప్తా. పెద్ద నల్లి ఐదు మిల్లీమీటర్లు, యాపిల్ గింజంత, గుడ్డేమో తెల్లగా మిల్లీమీటరే, చెక్కకి అతుక్కుని ఉంటుంది. మంచంలో అయితే తలాపి వెనక, కాలూ చట్రం కలిసే చోట, స్క్రూ కన్నాల్లో, సోఫాలో అయితే అడుగున కొట్టిన నల్ల గుడ్డ వెనక. టార్చిని నేరుగా కాకుండా చెక్కకి ఆనించి పక్కనుంచి కొడితే చిన్న గుడ్డుకి కూడా నీడ పడి కనపడుతుంది. పాత ఏటీఎం కార్డు సందులో పెట్టి లాగితే వదిలేసిన పెంకులు, నల్ల చుక్కలు వస్తాయి. తడి గుడ్డతో రుద్దితే ఆ చుక్క ఎర్ర గోధుమ రంగులో పాకితే నల్లిదే, తాగిన రక్తం అది. "ఆ ఇల్లు నెల్లాళ్ళుగా ఖాళీ, నల్లులుంటే చచ్చుంటాయి" అనే మాట మాత్రం నమ్మకండి, నల్లి తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది.

ఎండ, కిరోసిన్, మందు: ఎవరి మాట ఎంతవరకు నిజం

ఎండలో పెడితే చాలు అనేది పెద్దవాళ్ళ మాట. నులక మంచాన్ని ఎండలో వేసి, కర్రతో కొట్టి, మంచం కోళ్ళ దగ్గర మరిగే నీళ్ళు పోసేవాళ్ళు, నల్లికి అది పనిచేసేది, ఎందుకంటే మరిగే నీళ్ళు సందులోకి నేరుగా పోతాయి. నల్లి, గుడ్డు రెండూ చావాలంటే 48 డిగ్రీల్లో గంటకి పైగా ఉండాలి, 55 దాటితే వెంటనే పోతాయి. సన్న పట్టీకి, గుడ్డకి మే ఎండలో నల్ల కవరు కడితే అంత వేడి రావచ్చు, మందపాటి పరుపులో రాదు, పైన కాలుతుంటే నల్లి చల్లటి వైపుకి జరిగిపోతుంది. టేకు కాలు నడిమధ్యకి 56 డిగ్రీలు మన బాల్కనీ ఎండలో చేరడం జరిగే పని కాదు.

కిరోసిన్ పూత, సిరంజితో కన్నంలో మందు ఎక్కించడం వడ్రంగులు ఎక్కువ చేసేవి. తగిలిన పురుగు చచ్చేమాట నిజమే. కానీ కన్నం వెళ్ళిపోయిన పురుగుది కదా, ఆ సొరంగం ఖాళీ, వెనకంతా పొడి దట్టించి ఉంటుంది, పక్క సొరంగంలో ఉన్నదానికి ఆ మందు చేరదు. ఇంట్లో కిరోసిన్ కంపు, నిప్పు భయం దీనికి అదనం. బోరాక్స్ జాతి మందులు పచ్చి చెక్క మీద పూస్తే కొంత లోపలికి ఇంకుతాయి, పాలిష్ మీద పూస్తే ఇంకవు, గీకేశాకే పుయ్యాలి. పాలిష్ వేసేస్తే సరిపోతుందనే వాళ్ళూ ఉన్నారు, అది బయటి నుంచి కొత్త గుడ్లు పెట్టనివ్వదు, లోపల ముందే ఉన్నది మాత్రం పాలిష్‌ని కూడా తొలుచుకుని వస్తుంది.

గ్యాస్ పట్టిస్తే లోపలిదాకా పోతుంది, అది నిజం, కానీ అది ఇంట్లో చేసే పని కాదు. కొందరు గింజలకి వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు తెచ్చి బీరువాలో పెట్టడం విన్నాను, దాన్నుంచి వచ్చే గ్యాస్ మనుషుల్ని చంపుతుంది, మన దేశంలో దాన్ని మామూలు జనానికి అమ్మడానికే వీల్లేదు, శిక్షణ ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళే వాడాలి. చిన్న వస్తువులకి, అంటే ఫోటో ఫ్రేము, చెక్క బొమ్మ, పుస్తకం లాంటివాటికి కవరు బిగించి మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో వారం పెట్టడం బాగానే పనిచేస్తుంది. తీశాక కవరు వెంటనే విప్పకూడదు, మన ఉక్కకి వస్తువు మీద నీళ్ళు పట్టేస్తాయి.

టీపాయ్ సంగతి మిగిలింది. దాని ఒక కాలు స్క్రూడ్రైవర్ పిడితో కొడితే డొల్ల చప్పుడు, మిగతా మూడూ గట్టిగా పలికాయి. నల్ల పేపరు మీద మొదటి వారం గసగసాలు ఓ చెంచాడు పడ్డాయి, అది దారిలో ఊగినందుకు రాలిన పాత సరుకని అన్నయ్య వాదన, కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. ఊడ్చి మళ్ళీ పెట్టాం. రెండో వారం ఏం లేదు, మూడో వారం ఏం లేదు, అన్నయ్య టీపాయ్‌ని హాల్లోకి లాగేశాడు. వదిన ఆ నల్ల పేపరుని కూడా దాంతో పాటే హాల్లోకి తెచ్చి కింద పరిచింది. మొన్న ఆదివారం ఫోటో పంపింది, పేపరు మీద గింజలు పదకొండు, అన్నీ ఆ డొల్ల కాలు పక్కనే.

టీపాయ్ మళ్ళీ బాల్కనీలోకి వెళ్ళింది.